చువ, ఖోమ్, ఉఁ: ఇంతకీ సరుకు ఈరోజు బయల్దేరుతుందా లేదా?

నూజివీడు_నాని
అందరికీ నమస్కారం. హనోయ్ పక్కన బక్ నిన్‌లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను. వియత్నామీస్ కొద్దికొద్దిగా వస్తోంది. మాకు విడిభాగాలు పంపే కంపెనీలో ప్లానింగ్ చూసే ఒకావిడ నాకన్నా పెద్దావిడ, అందుకే ఆవిడ చి (అక్క), నేను ఎమ్ (తమ్ముడు). ఫోన్‌లో జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

```
Em:  Chị ơi, hàng gửi chưa ạ?
Chị: Chưa em ạ
Em:  Hôm nay chị không gửi ạ?
Chị: Ừ
Em:  Mai chị có gửi không ạ?
Chị: Gửi chứ
```

సరుకు పంపారా, ఈరోజు సంగతేమిటి, రేపు పంపుతారా అని వరుసగా అడిగాను. గుయ్ అంటే పంపడం. నా అనుమానాలు మూడు. మొదటిదానికి "చువ" అంది, లేదు అనే ఖోమ్ ఎందుకు కాలేదు? రెండోదానికి "ఉఁ" అంది, అంటే ఈరోజు పంపుతున్నట్టా, పంపనట్టా? మూడోదానికి పుస్తకం ప్రకారం అవునని చెప్పడానికి "కో" అనాలి కదా, "గుయ్ చు" ఏమిటి? మా సూపర్‌వైజర్ "యెస్ అన్నారుగా, రాత్రికి వస్తుంది" అని గేటు దగ్గర మనిషిని కూర్చోబెట్టాడు.

క్రాంతి_విశాఖ
బ్రో, నేను యాప్‌లో నాలుగో లెవెల్. చాలా సింపుల్. క్రియకు ముందు కో, వాక్యం చివర ఖోమ్ పెడితే ప్రశ్న. జవాబు అవునంటే కో, కాదంటే ఖోమ్. చువ అంటే "ఇంకా లేదు". కో ఉన్నచోట చువ రాదు, చువ ఉన్నచోట కో రాదు. ఇంతే. ఆవిడ "ఉఁ" అంది కాబట్టి ఈరోజే పంపుతోంది.

శాస్త్రి_లిపి
క్రాంతి గారూ, సగం బాగానే చెప్పారు. మిగతా సగం నమ్ముకుంటే గేటు దగ్గర మనిషి తెల్లారేదాకా కూర్చోవాలి.

నాని గారూ, రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, లారీ సంగతి అక్కడే ఉంది. ఖోమ్ ఎక్కడ కూర్చుందో చూడండి. క్రియకు ముందుంటే అది వ్యతిరేకం. వాక్యం చివరుంటే అది ప్రశ్న. మీ రెండో వాక్యంలో అది గుయ్‌కి ముందుంది. అంటే మీరడిగింది "పంపుతారా?" అని కాదు, "ఇవాళ పంపరా?" అని. చివరి "ఆ" వల్లే అది ప్రశ్న అయింది. సాధారణంగా దాన్ని మామూలు "à" గా రాస్తారు, పెద్దవాళ్లతో మర్యాదకు కింద చుక్క పెట్టి "ạ" అంటారు.

ఇప్పుడు తెలుగులో మీ అక్కను "ఇవాళ పంపవా?" అని అడగండి. ఆవిడ "ఊఁ" అంటే ఏమర్థం? పంపననే కదా. వియత్నామీస్‌లోనూ అంతే. మీరన్న మాట నిజమని ఒప్పుకోవడమే ఆ ఉఁ. సరుకు ఈరోజు రాదు. మీ సూపర్‌వైజర్ మధ్యలో ఇంగ్లిష్ "యెస్" దూర్చడం వల్ల వచ్చిన తంటా ఇది. తెలుగు చెవితో వింటే తికమకే ఉండదు.

మూడోది: గుయ్ చు. చు అంటే "అదేం ప్రశ్న" అనే ధోరణి. మనం "పంపకేం!" అంటాం చూడండి, సరిగ్గా అదే. రేపు తప్పకుండా పంపుతుంది.

నూజివీడు_నాని
"పంపకేం" అనగానే వెలిగింది! గేటు మనిషిని లేపేశాం. మరి మొదటిది? తెలుగులో "పంపారా?" అంటే "లేదు" అంటాం, అయిపోతుంది. అక్కడ ఖోమ్ అంటే ఏం కొంప మునిగేది?

శాస్త్రి_లిపి
మన "లేదు" రెండు పనులు చేస్తుంది. "పంపలేదు" అంటే ఇంకా పంపలేదనీ కావచ్చు, అసలు పంపనే లేదనీ కావచ్చు. వినేవాడు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాడు. వియత్నామీస్‌లో ఆ సౌలభ్యం లేదు, ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. చువ గుయ్ అంటే ఇంకా పంపలేదు, పని బతికే ఉంది. ఖోమ్ గుయ్ అంటే పంపడం లేదు, లేదా పంపలేదు, ఆ సంగతి ముగిసింది. "సరుకు వెళ్లిందా?" అన్నదానికి ఆవిడ ఖోమ్ అని ఉంటే మీ ఆర్డర్ రద్దయిందేమో అని కంగారు పడాల్సి వచ్చేది.

నాకు పనికొచ్చే పరీక్ష ఒకటుంది. తెలుగు వాక్యంలో "ఇంకా" చేర్చి చూడండి. అర్థం చెడకుండా ఇమిడిపోతే చువ. ఇమడకపోతే ఖోమ్. "(ఇంకా) భోంచెయ్యలేదు" ఇమిడింది, చువ అన్. "నేను మాంసం తినను" అన్నదాంట్లో ఇంకా ఇమడదు, ఖోమ్ అన్. "నిన్న ఆఫీసుకు వెళ్లలేదు": నిన్న గడిచిపోయింది, ఇక ఇంకా ఏమిటి? ఖోమ్.

ప్రశ్న చివర చువ ఉంటే జవాబు రెండే: అయితే రోయ్, కాకపోతే చువ. హనోయ్‌లో రోయ్‌ని జోయ్ అని పలుకుతారు, కంగారు పడకండి.

```
Em ăn cơm chưa?     Rồi ạ. / Ăn rồi ạ. / Chưa ạ.
Em có ăn cay không? Có ạ. / Không ạ.
```

రెండో వరుసలో అడిగింది కారం తింటావా అని.

పద్మజ_సైగాన్
నేను హోచిమిన్ సిటీలో ఉంటాను, మావారి ఉద్యోగం ఇక్కడే. శాస్త్రిగారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఈ చువ గొడవ ఎక్కువగా పెళ్లి దగ్గర తగులుతుంది నాన్నా. పరిచయమైన ఐదు నిమిషాల్లో ఇక్కడివాళ్లు వయసు అడుగుతారు, వెంటనే పెళ్లయిందా అంటారు. అది కుతూహలం కాదు, నిన్ను తమ్ముడనాలా అన్న అనాలా తేల్చుకోవాలి కదా. "ఎమ్ కో జా దిన్ చువ?" అంటారు, సంసారం ఉందా ఇంకా లేదా అని. దానికి "యా చువ" అనాలి. ఉత్త ఖోమ్ అంటే సన్యాసం పుచ్చుకున్నట్టు ఉంటుంది. పిల్లలు వద్దనుకున్న దంపతులు కూడా చాలామంది చువ అనే దాటేస్తారు, లేకపోతే ఎందుకూ ఏమిటీ అని మొదలవుతుంది.

క్రాంతీ, చూశావా, ఇందులో కో ఉంది, చువ కూడా ఉంది!

క్రాంతి_విశాఖ
అక్కా, యాప్‌లో "కో అన్ చువ" అని పెడితే ఎర్రగీత వచ్చింది, ఒట్టు.

శాస్త్రి_లిపి
ఎర్రగీత న్యాయమే. మీ సూత్రం సగానికి నిలబడుతుంది. కో రెండు రకాలు. ఒకటి "ఉంది" అనే అసలు క్రియ: టికెట్ ఉందా, కారు ఉందా, సంసారం ఉందా. దానికి చివర చువ హాయిగా వస్తుంది, జవాబు "కో రోయ్". రెండోది ప్రశ్న కోసం వేరే క్రియకు ముందు వచ్చి నిలబడే కో. దానికి జోడీ ఖోమ్ మాత్రమే. కో అన్ చువ తప్పయింది అందుకే, అక్కడ అసలు క్రియ అన్.

```
Chị có vé chưa?       (có = ఉంది; సరే)
Chị ăn chưa?          (సరే)
Chị có ăn chưa?       (ఇలా అడగరు)
```

ఈ రెండో రకం కో మాటల్లో తరచూ రాలిపోతుంది కూడా. "మాయ్ దీ ఖోమ్?" అంటే చాలు, రేపు వెళ్తావా అని. కో ఉంచితే ప్రశ్న కాస్త నిండుగా, నొక్కి అడిగినట్టు ఉంటుంది. మధ్యలో "హాయ్" చేర్చి "కో దీ హాయ్ ఖోమ్" అంటే వెళ్తావా లేదా తేల్చు అని నిలదీసినట్టే. అది పై అధికారితో వద్దు.

వెంకటేశ్వర్లు_రిటైర్డ్
మా అమ్మాయి డా నాంగ్‌లో ఉంటే చూడ్డానికి వచ్చాం. మీ చర్చ చదివాక ఒక విషయం అడగాలనిపించింది. ఇక్కడ హోటల్ కౌంటర్‌లో అబ్బాయిని ఫోన్ నంబరు చెప్పమంటే మొదటి మాటే ఖోమ్ అన్నాడు. మధ్యలో ఇంకోసారి ఖోమ్ అన్నాడు. ఇవ్వనంటున్నాడేమో అని ఊరుకున్నాం. మర్యాదగా మళ్లీ ఎలా అడగాలి?

పద్మజ_సైగాన్
బాబాయ్ గారూ 😄 ఆయన ఇచ్చేశాడు! ఖోమ్ అంటే సున్నా కూడా. ఇక్కడ ఫోన్ నంబర్లన్నీ సున్నాతోనే మొదలవుతాయి. మీరు రాసుకోలేదంతే.

శాస్త్రి_లిపి
అదే మాట, బాబాయ్ గారూ. చైనా నుంచి వచ్చిన పదం, "ఖాళీ" అని అర్థం. బౌద్ధ గ్రంథాల్లో మన శూన్యానికి వాడే మాటా అదే.

హారిక_దోసె
నేను పూర్తి శాకాహారిని, ఇక్కడ చదువుకుంటున్నాను. నా బాధ వేరే. టిఫిన్ కొట్టులో ఆంటీ "అన్ జి ఖోమ్?" అంటుంది. జి అంటే ఏమిటి కదా, "ఏం తింటావు" అనుకుని ఫో నూడుల్స్ అంటే తెచ్చిపెడుతుంది, బాగానే ఉంది. ఒకసారి కో అన్నాను, ఆమె అలాగే నిలబడి చూస్తోంది. ఇంకోటి, "ఖోమ్ కో థిత్" (మాంసం లేకుండా) అని అడుగుతాను. ముక్కలు ఉండవు గానీ పులుసు నిండా ఎముకల వాసన. ఇది వ్యాకరణం తప్పా, నా తలరాతా?

శాస్త్రి_లిపి
మొదటిది: జి ఒక్కటే ఉంటే "ఏం తింటావు?". చివర ఖోమ్ చేరితే "ఏమైనా తింటావా?". తెలుగులో కూడా "ఏమైనా తింటావా?" అంటే "ఆఁ, ఇడ్లీ పెట్టు" అంటాం గానీ, ఉత్త ఆఁ అని ఊరుకుంటే పెట్టేవాళ్లు ఎదురుచూడరూ? కో తర్వాత పేరు చెప్పాలి. వద్దంటే ఖోమ్ చాలు.

రెండోది వ్యాకరణం కాదు, వంట. ఖోమ్ కో థిత్ అంటే గిన్నెలో మాంసం లేదు, అంతే. ఆమె మాట నిలబెట్టుకుంది. ఎముకల పులుసును అక్కడ ఎవరూ మాంసం కింద లెక్కెయ్యరు. "ఖోమ్ అన్ థిత్" అన్నా పెద్ద తేడా ఉండదు, చేపసాస్ ఎటూ పడుతుంది. ఇక్కడ వ్యతిరేకం వదిలేసి "ఎమ్ అన్ చాయ్" అనండి, శాకాహారం తింటాను అని. ఆ మాట బౌద్ధ ఆచారం నుంచి వచ్చింది, చాంద్రమాసంలో ఒకటో రోజు, పదిహేనో రోజు అక్కడ చాలామంది పాటిస్తారు కాబట్టి వెంటనే అర్థమవుతుంది.

హారిక_దోసె
థాంక్యూ! చాయ్ అంటే టీ తెస్తారేమో అని ఇన్నాళ్లు భయపడ్డాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. క్లాసులో ఫ్రెండ్స్ బీఫ్ తింటావా అని అడిగితే "ఎమ్ చువ బావ్ జా అన్" అన్నాను, "ఎప్పుడూ తినలేదు" అని. అప్పటి నుంచి ప్రతివారం ఎవరో ఒకరు ముక్క పట్టుకొచ్చి ట్రై చెయ్యమంటారు. చెప్పింది వినరా వీళ్లు?

శాస్త్రి_లిపి
విన్నారు కాబట్టే తెస్తున్నారు. చువ బావ్ జా అంటే "ఇంతవరకు ఎప్పుడూ తినలేదు". చువలో తలుపు తెరిచే ఉంటుందని పైన అన్నాను కదా. పాపం ఈ అమ్మాయికి రుచి చూపిద్దాం అనుకుంటున్నారు. మీరు అనాల్సింది ఖోమ్ బావ్ జా, ఎప్పటికీ తినను.

```
Em chưa bao giờ ăn thịt bò.   ఇప్పటిదాకా తినలేదు
Em không bao giờ ăn thịt bò.  ఎప్పుడూ తినను
```

అడిగేటప్పుడు మాత్రం "హ్వే నగరం వెళ్లారా ఎప్పుడైనా?" లాంటివాటికి చివర బావ్ జా చువ అనే వస్తుంది. జవాబు రోయ్ లేదా చువ.

క్రాంతి_విశాఖ
సరే గురూగారూ, కో–చువ ఒప్పుకున్నాను. కానీ జవాబు కో/ఖోమ్ అన్నది కరెక్టే కదా?

శాస్త్రి_లిపి
తప్పని అనను, కానీ అన్నిచోట్లా అతకదు. తెలుగులో "తెలుసా?" అంటే "తెలుసు" అంటాం. "బాగుందా?" అంటే "బాగుంది". ప్రశ్నలో క్రియను తిప్పి చెబుతాం. వాళ్ల అలవాటూ అదే. తెలుసా అనడానికి బియెత్ ఖోమ్? బియెత్. ఙాన్ ఖోమ్? (రుచిగా ఉందా) ఙాన్. దుఅక్ ఖోమ్? (కుదురుతుందా) దుఅక్. అన్నట్టు, మన అక్షరమాలలో ఊరికే పడి ఉన్న ఙ కి ఇక్కడ పని దొరికింది.

ఇంకో రకం ఉంది. "మీరు ఇంజినీరా?" లాంటి వాక్యాల్లో మామూలు క్రియ ఉండదు, "లా" అనే మాట ఉంటుంది. దానికి ముందు ఉత్త కో గానీ ఖోమ్ గానీ పెట్టరు, మధ్యలో ఫాయ్ కావాలి. ఫాయ్ అంటే మన "అవును". అవునా కాదా అన్నట్టే:

```
Anh có phải là kỹ sư không?
Phải. / Vâng. / Không phải.
```

ఖోమ్ ఫాయ్ అచ్చంగా మన "కాదు". ఖోమ్ కో మన "లేదు". క్రియ ముందు ఖోమ్ మన "తినను, వెళ్లను". ఈ మూడూ తెలుగులో వేరువేరుగానే ఉన్నాయి కాబట్టి మనకు కష్టం ఉండకూడదు. ఇంగ్లిష్ పుస్తకంలో అన్నిటికీ ఒకే "నో" రాయడం వల్ల కలిసిపోతాయి.

పద్మజ_సైగాన్
ఙాన్ సంగతికి చిన్న అభ్యంతరం. మా వీధిలో "కో ఙాన్ ఖోమ్?" అని కో పెట్టి అడిగితే "యా కో" అని కూడా అంటారు, నేను విన్నాను. మరీ తప్పేం కాదు.

శాస్త్రి_లిపి
ఉండొచ్చు. నాకు తెలిసిన హనోయ్ వాళ్లు మాత్రం ఙాన్ అనే అంటారు, ఉత్త కో వింటే రుచి నచ్చలేదేమో అని అనుమానపడతారు. ఉత్తర దక్షిణాల తేడానో, మనిషిని బట్టో, నేను తీర్పు చెప్పలేను.

పద్మజ_సైగాన్
అయితే అసలు ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లకు ఉత్త ఖోమ్, ఉత్త చువ అనకూడదు. ఇక్కడ దక్షిణాన ముందు "యా" పెడతాం: యా ఖోమ్, యా చువ, యా కో. రాసేది dạ అని. ఉత్తరాన దాన్నే జా అంటారు, చివర "ఆ" చేర్చడం ఎక్కువ. ఉఁ అన్నది పెద్దవాళ్లు చిన్నవాళ్లతోనూ, సమవయస్కులతోనూ అనేది. నానీ, ఆ చి నీకు ఉఁ అనొచ్చు. నువ్వు ఆవిడకు ఉఁ అనకు, వంగ్ అను.

ఇంకోటి. ఉత్త "యా" అంటే ఒప్పుకున్నట్టు కాదు. "వింటున్నానండీ" అని మాత్రమే. మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికి "రేపు త్వరగా రాగలవా?" అంటే యా అనేది, మామూలు టైముకే వచ్చేది. తర్వాత తెలిసింది, "యా దుఅక్" అంటేనే వస్తానని. యా తర్వాత ఏం వస్తుందో అది వినాలి.

నూజివీడు_నాని
అక్కా, ఇది బంగారం. మా లైన్‌లో కుర్రాళ్లు అన్నిటికీ జా అంటారు, మా సూపర్‌వైజర్ అన్నిటికీ టిక్కు పెట్టుకుంటాడు!

ఇంకో విషయం. నేను నోటితో "అన్ చువ?" అంటే క్యాంటీన్‌లో నవ్వుతారు. మెసేజ్‌లో రాస్తే నవ్వరు.

శాస్త్రి_లిపి
ప్రశ్న కదా అని చివర గొంతు పైకి లేపుతున్నారా? తెలుగులో లేపుతాం, అలవాటు. అక్కడ ఖోమ్, చువ రెండూ సమస్వరం, ఎత్తకూడదు దించకూడదు. చువను పైకి లేపితే chứa అవుతుంది, నింపి పెట్టుకోవడం అని. రోయ్ కిందికి దిగాలి, పైకి లేపితే rối, చిక్కుపడడం. కో ఒక్కటే పైకి లేస్తుంది. ప్రశ్న అని చెప్పే పని ఆ చివరి మాటే చేస్తోంది, గొంతు చెయ్యనక్కర్లేదు. మామూలు వాక్యం చెప్పినట్టు చప్పగా చెప్పి చూడండి.

క్రాంతి_విశాఖ
మా రూమ్మేట్ సైగాన్ వాడు. "నువ్వే కదా చెప్పావ్" అంటే "దౌ కో!" అంటాడు. దౌ అంటే ఎక్కడ కదా? "ఎక్కడ ఉంది" అంటున్నాడా?

పద్మజ_సైగాన్
"నేనెక్కడ చెప్పాను!" అంటున్నాడు బాబూ. మనం అనమూ? "నాకెక్కడ తెలుసు" అని? తెలియదనే అర్థం. దౌ కో అంటే అబ్బే, లేదు అని. ఇక్కడ రోజుకు వందసార్లు వినబడుతుంది. అన్నట్టు ఇక్కడ ఖోమ్‌ని హోమ్ అని కూడా అంటారు, మెసేజుల్లో పిల్లలు ఉత్త k, ko రాస్తారు.

నూజివీడు_నాని
ఈరోజు మెసేజ్ పెట్టేశాను. "పంపరా" అని వ్యతిరేకంగా అడగలేదు, జవాబు ఎటు తిరిగినా తెలిసేలా అడిగాను:

```
Em:  Chị ơi, hàng gửi chưa ạ?
Chị: Gửi rồi em nhé
Em:  Chiều nay có đến không ạ?
Chị: Chắc có
```

సరుకు బయల్దేరింది, అంతవరకు తేలింది. "చక్ కో" అంటే కచ్చితంగా అనా, బహుశా అనా?

శాస్త్రి_లిపి
చక్ ముందుంటే "బహుశా". సాయంత్రానికి రావచ్చు.

నూజివీడు_నాని
మా సూపర్‌వైజర్ డిక్షనరీలో చూసి "చక్ అంటే గట్టి, కచ్చితం" అని మళ్లీ గేటు దగ్గర మనిషిని కూర్చోబెట్టాడండీ.

పద్మజ_సైగాన్
కూర్చోనీ నాన్నా, ఈసారి వచ్చినా రావచ్చు. ఆ మనిషికి భోజనం అయిందా అని మాత్రం అడుగు, గొంతు లేపకుండా.